ఒకే ఫెర్న్, రెండు మొక్కలు

డిగ్రీ మొదటి సంవత్సరం వృక్షశాస్త్ర విద్యార్థిని పట్టుకుని, ఫెర్న్‌లో క్షయకరణ విభజన జరిగాక ఏం తయారవుతుంది అని అడిగి చూడండి. చాలామంది తడుముకోకుండా సంయోగబీజాలు అంటారు. మనిషి విషయంలో, మేక విషయంలో అది సరైన జవాబే. ఫెర్న్ విషయంలో మాత్రం మార్కు పోతుంది. ఫెర్న్‌లో క్షయకరణ విభజన వల్ల పుట్టేవి సిద్ధబీజాలు. సంయోగబీజాలు పుట్టడానికి ఇంకా చాలా వారాలు పడుతుంది. అవి పుట్టేది కూడా ఈ మొక్కలో కాదు, దీనికి ఏ పోలికా లేని మరో మొక్కలో. అక్కడ వాటిని తయారు చేసేది మామూలు సమవిభజన.

తరాల ఏకాంతరణ అనే పాఠమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. పుస్తకంలో దాన్ని ఒక చక్రంగా గీసి, సగానికి n అనీ, మిగతా సగానికి 2n అనీ రాసి వదిలేస్తారు. బొమ్మలో తప్పేమీ లేదు. కానీ అది చూసిన విద్యార్థికి రెండు సగాలూ ఒకే మొక్క జీవితంలోని రెండు దశల్లా అనిపిస్తాయి. నిజానికి అక్కడున్నవి రెండు వేర్వేరు మొక్కలు. రెండూ ఆకుపచ్చగా ఉంటాయి, రెండూ ఎవరి తిండి అవే వండుకుంటాయి. ఆ రెండింటినీ ఒకే చోట చూడాలంటే అడవికి పోనక్కర్లేదు, పాత ఇటుక గోడ చాలు.

సున్నం వాడి కట్టిన పాత గోడల పగుళ్లలో, దిగుడు బావుల అంచుల్లో, కల్వర్టుల కింద వర్షాకాలంలో గుబురుగా పెరిగే ఫెర్న్ ఒకటుంది. పేరు టెరిస్ విట్టేటా. పొడవాటి ఈనెకు రెండు పక్కలా సన్నని రిబ్బన్ ముక్కల్లాంటి పత్రకాలుంటాయి, కొసన ఒక పత్రకం నిటారుగా నిలుస్తుంది. దీనికి సున్నం ఇష్టం, అందుకే సుద్దరాతి నేలల్లోనూ, సున్నపు కట్టడాల మీదా ఎక్కువగా కనిపిస్తుంది. నేలలోని ఆర్సెనిక్‌ను పీల్చి ఆకుల్లో పోగుచేసుకునే మొక్కగా 2001లో దీని పేరు మారుమోగింది. ఆ సంగతిని ఇక్కడికి ఆపుతున్నాను, దాని వాటా మనకు మళ్లీ ఒకసారి వస్తుంది.

ముదిరిన ఆకు ఒకటి కోసి తిరగేసి చూడండి. పత్రకం అంచు లోపలికి మడిచినట్టుగా ఉంటుంది. ఆ మడత కింద, అంచు పొడవునా గోధుమ రంగు గీత ఉంటుంది. కొన్ని ఫెర్న్‌ల ఆకు వెనక చుక్కలు చుక్కలుగా కనిపించే సోరస్‌లు ఇక్కడ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒకే గీతగా మారాయి. చుక్కలను కప్పే ప్రత్యేకమైన పొర ఇందులో లేదు, ఆకు అంచే ఆ పని చేస్తుంది. కాబట్టి దాన్ని మిథ్యా ఇండూసియం అంటారు. ప్రాక్టికల్ పరీక్షలో ఈ మాట రాయడం మరిచిపోయేవాళ్లు ఎక్కువే.

ఆ గీతను సూదితో కొద్దిగా గీరి, ఒక నీటి చుక్కలో వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే, కాడలున్న చిన్న సంచులు వందల్లో కనిపిస్తాయి. ఇవే సిద్ధబీజాశయాలు. ఒక్కో సంచిలో మొదట పదహారు మాతృకణాలు తయారవుతాయి. ప్రతి మాతృకణమూ క్షయకరణ విభజన చెంది నాలుగు సిద్ధబీజాలవుతుంది. పదహారు నాలుగులు అరవై నాలుగు. ఈ 64ను గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

టెరిస్ విట్టేటాలో ప్రపంచమంతా విస్తారంగా కనిపించే రకానికి కణంలో 116 క్రోమోసోమ్‌లు ఉంటాయి. సిద్ధబీజానికి దక్కేవి 58. మన 46తో పోలిస్తే ఇవి చాలా ఎక్కువ అనిపించవచ్చు కానీ, ఫెర్న్‌ల లోకంలో ఇది మామూలే. ఈ కులంలో మూల సంఖ్య 29, అంటే 116 దానికి నాలుగు రెట్లు. ఇక్కడ విద్యార్థి పట్టుకోవలసింది సంఖ్యను కాదు. సిద్ధబీజంలో ఉన్నది ఆకులో ఉన్నదానికి సగం, అంతే.

సిద్ధబీజాశయం పగిలే తీరు చూడకపోతే ఫెర్న్‌ను సగమే చూసినట్టు. సంచి వీపు మీదుగా ఒక వరుస కణాలు దాదాపు చుట్టూరా పోతాయి. దాన్ని వలయం అంటారు. ఆ కణాల లోపలి గోడా, పక్క గోడలూ మందంగా ఉంటాయి, బయటి గోడ ఒక్కటే పలచన. ఎండ తగిలి కణాల్లోని నీరు ఆవిరవుతుంటే పలచని గోడ లోపలికి గుంజుకుంటుంది, పక్క గోడలు దగ్గరికి జరుగుతాయి, వలయం మెల్లగా వెనక్కి విచ్చుకుంటుంది. వలయం లేని వైపున పలచని కణాల దగ్గర సంచి చిరుగుతుంది. చిరిగిన పైసగం సిద్ధబీజాలను పట్టుకుని వెనక్కి వంగి నిలుస్తుంది. కణాల్లో మిగిలిన నీరు ఆ లాగుడును ఎంతవరకు తట్టుకోగలదో అంతవరకు తట్టుకుంటుంది, ఆపైన నీటిలో ఒక్కసారిగా ఆవిరి బుడగలు పుడతాయి. పట్టు తప్పిన వలయం ముందుకు విసురుగా వచ్చి సిద్ధబీజాలను ఒడిసెల రాయిలా విసురుతుంది.

ఫ్రాన్స్‌కు చెందిన జేవియర్ నోబ్లాన్ బృందం మరో ఫెర్న్‌లో ఈ కదలికను అతివేగపు కెమెరాతో చిత్రించి 2012లో వివరాలు ప్రచురించింది. బుడగలు పుట్టే ముందు నీటి మీద పడే లాగుడు వాతావరణ పీడనానికి దాదాపు తొంభై రెట్లు ఉంటుందనీ, సిద్ధబీజాలు సెకనుకు పది మీటర్ల దాకా వేగంతో బయల్దేరతాయనీ వాళ్లు లెక్కగట్టారు. ఒడిసెలలో రాయి పోవాలంటే చేయి ఎక్కడో ఆగాలి. ఇక్కడ ఆపే చేయి లేదు. వలయం మొదటి విసురులో కొంత దూరం వచ్చి, ఆపైన తన గోడల్లోంచి నీరు సర్దుకునే దాకా దానంతటదే నిదానిస్తుంది. ఆ నిదానమే సిద్ధబీజాలను వదిలించే ఆపు. ఇదంతా ప్రయోగశాలలో మీరూ చూడవచ్చు. ఎండని సిద్ధబీజాశయాలను గాజుపలక మీద పొడిగానే పెట్టి, దీపం వేడి తగలనిస్తే కొద్ది నిమిషాల్లో అవి ఎగిరిపడడం మొదలవుతుంది.

ఎగిరిన సిద్ధబీజం గాలిలో పోయి ఎక్కడో పడుతుంది. దాని నుంచి ఏం మొలుస్తుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. జమైకాలో వైద్యుడిగా పనిచేసిన జాన్ లిండ్సే ఆ పొడిని మట్టి మీద చల్లి, మొలకలను చూసి, 1794లో రాసిపెట్టాడు. మొదట చిన్న పచ్చని పొర వచ్చిందనీ, దాని నుంచి ఫెర్న్ లేచిందనీ చూశాడు. ఆ పొర ఒక సొంత మొక్క అని తేలడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

మనం కూడా చల్లి చూద్దాం. ఇటుక ముక్కను నీళ్లలో బాగా మరిగించి, చల్లార్చి, ఒక గాజు గిన్నెలో కాస్త నీటిలో నిలబెట్టాలి. ముదిరిన ఆకును కాగితంలో చుట్టి రెండు రోజులుంచితే సిద్ధబీజాలు పొడిగా రాలతాయి. దాన్ని ఇటుక మీద పలచగా చల్లి, గాజుమూత పెట్టి, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచాలి. మరిగించడం మానేస్తే శైవలాలో, బూజో ముందే ఇటుకను ఆక్రమిస్తాయి. చీకట్లో పెడితే చాలా ఫెర్న్‌ల సిద్ధబీజాలు అసలు మొలకెత్తవు, వాటికి ఎరుపు వెలుగు కావాలి.

ఒకటి రెండు వారాల్లో సిద్ధబీజం పగిలి, రంగులేని ఒక మూలతంతువు కిందికి, పచ్చని కణాల పోగు ఒకటి పైకి బయల్దేరతాయి. పోగు కొద్ది కణాల పొడవు పెరిగాక, నీలి వెలుగు ఉంటే, కొసన అడ్డంగా కూడా విభజన మొదలై పలక అవుతుంది. నెలన్నర, రెండు నెలలకు అది గోరుమీద పట్టేంత హృదయాకారపు పచ్చని రేకు అవుతుంది. దీన్నే ప్రోథాలస్ అంటారు. వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు, నాళాలు లేవు. మధ్యలో తప్ప అంతటా ఒకే కణం మందం. వెలుగుకు పట్టుకుంటే అవతలి వేలు కనిపిస్తుంది. దాని ప్రతి కణంలో ఉన్నవి 58 క్రోమోసోమ్‌లే. ఇదే సంయోగబీజదం, కాలేజీ భాషలో గామిటోఫైట్. గోడ మీద గుబురుగా పెరిగినది సిద్ధబీజదం, అంటే స్పోరోఫైట్. ఆర్సెనిక్ సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. టెరిస్ విట్టేటాలో వేరూ నాళాలూ లేని ఈ చిన్న రేకు కూడా ఆర్సెనిక్‌ను పోగుచేసుకుంటుందని 2004లో తేలింది. పోలికలో ఎంత దూరమైనా, రెండు తరాలదీ ఒకే జన్యు సంపద.

గోడ మీద దీన్ని వెతికేవాళ్లు రిక్సియాతో పొరబడుతుంటారు. రిక్సియా కూడా పచ్చగా, పలకలా నేలకు అంటుకునే ఉంటుంది. కానీ అది మందంగా ఉంటుంది, రెండుగా రెండుగా చీలుతూ పోతుంది, పైన నడిమధ్య గాడి ఉంటుంది, కింద పొలుసులుంటాయి. ప్రోథాలస్‌కు పొలుసులుండవు, చీలికలుండవు, ఉన్నది ఒక్క నొక్కే. ఆ నొక్కులోనే దాని పెరుగుదల కేంద్రం ఉంటుంది.

రేకును తిరగేస్తే అసలు సంగతి కనిపిస్తుంది. పాత భాగంలో, మూలతంతువుల మధ్య, గుండ్రని బొడిపెలు పురుషబీజాశయాలు. వాటినే ఆంథీరిడియాలు అంటారు. నొక్కు దగ్గర, మందంగా ఉన్న మెత్తపైన, కాస్త వెనక్కి వంగిన చిన్న మెడలు స్త్రీబీజాశయాలు, అంటే ఆర్కిగోనియాలు. ఒక్కో ఆర్కిగోనియం అడుగున ఒకే ఒక్క స్త్రీబీజకణం ఉంటుంది. సంయోగబీజాలు ఇక్కడ పుట్టాయి. అయితే సగానికి తగ్గించడం ఎప్పుడో ఆకు వెనకే జరిగిపోయింది, ఇక తగ్గించడానికి ఏమీ లేదు. అందుకే ఇక్కడ సమవిభజనే సరిపోతుంది. మొదటి ప్రశ్నకు జవాబు తప్పేది ఈ చోటు కళ్లతో చూడకపోవడం వల్లే.

ఈ రెండు అవయవాలూ రేకు కింది వైపున ఉండడం వృథాగా లేదు. రేకుకూ ఇటుకకూ మధ్య సన్నని నీటి పొర నిలుస్తుంది. నీరు తగలగానే ఆంథీరిడియం మూత తెరుచుకుని, మరమేకు మెలికలా చుట్టుకున్న పురుషబీజకణాలు బయటికొస్తాయి. ఒక్కోదానికి పదుల కొద్దీ కశాభాలు ఉంటాయి. అదే నీటికి ఆర్కిగోనియం మెడ తెరుచుకుని, లోపలి కాలువ కణాలు కరిగి జిగురై బయటికి ఊరతాయి. విల్‌హెల్మ్ ఫెఫర్ 1884లో సన్నని గాజు గొట్టాల్లో రకరకాల పదార్థాలు నింపి ఫెర్న్ పురుషబీజకణాల ముందు పెట్టాడు. మాలిక్ ఆమ్లం ఉన్న గొట్టంలోకి అవి గుంపులుగా దూరాయి. ఆర్కిగోనియం దాకా వాటికి దారి చూపేది ఇలాంటి రసాయనమేనని అర్థమైంది.

గాజుమూత కింద పెంచేవాళ్లకు ఇక్కడే ఎదురుదెబ్బ తగులుతుంది. కింది నుంచి తేమ అందుతుంటుంది, రేకులు పచ్చగా పెరుగుతాయి, నెలలు గడుస్తాయి, ఒక్క ఫెర్న్ పిల్లా రాదు. రేకులు మాత్రం సాగి, అంచులు ముడతలు పడి, పక్కల నుంచి కొత్త రేకులు వేస్తుంటాయి. అలా కనిపిస్తే ఫలదీకరణ జరగలేదని అర్థం. చేయాల్సిందల్లా మరిగించి చల్లార్చిన నీటిని పైనుంచి సన్నగా చల్లడం. ఆపైన కొన్ని వారాల్లో నొక్కు దగ్గర చిన్న ఆకు తల ఎత్తుతుంది. విసనకర్రలాంటి ఆ మొదటి ఆకుకూ, ముదిరిన ఫెర్న్ ఆకుకూ పోలికే ఉండదు.

ఫలదీకరణతో 58, 58 కలిసి మళ్లీ 116 అయ్యాయి. సంయుక్తబీజం ఆర్కిగోనియంలోనే విభజన చెంది పిండమవుతుంది. పిండం తన పాదంతో కొన్నాళ్లు ప్రోథాలస్ నుంచి ఆహారం పీల్చుకుంటుంది. వేరు నేలలో దిగగానే ప్రోథాలస్ ఎండిపోతుంది. తల్లి ప్రోథాలస్‌కు ఇంకా అతుక్కుని ఉన్న పిల్ల ఫెర్న్‌ను చూసినవాళ్లు రెండు తరాలను ఒకేసారి చూసినట్టే.

ఈ కథను ఇలా ఒకే వరుసలో మొదట పేర్చినవాడు విల్‌హెల్మ్ హోఫ్‌మైస్టర్. లైప్‌జిగ్‌లో పుస్తకాల వ్యాపార కుటుంబం అతనిది. విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. ప్రోథాలస్ మీద ఆర్కిగోనియాలను 1848లో లెష్చిట్స్ సుమిన్‌స్కీ గుర్తించాడు. మూడేళ్ల తర్వాత, ఇరవై ఏడేళ్ల వయసులో, హోఫ్‌మైస్టర్ మాస్‌లనూ, ఫెర్న్‌లనూ, శంకువులున్న చెట్లనూ పక్కపక్కన పెట్టి, అన్నింట్లోనూ ఇవే రెండు తరాలు మారిమారి వస్తున్నాయని చూపించాడు. క్రోమోసోమ్‌ల లెక్క అప్పటికి ఎవరికీ తెలియదు. అతను n, 2n అనే అక్షరాలతో కాదు, అవయవాలతో, అవి పుట్టే క్రమంతో తరాలను గుర్తించాడు. పుస్తకంలోని చక్రానికి అలవాటుపడ్డ మనం ఈ సంగతిని మరిచిపోతాం.

ఒకే రేకు మీద పురుష, స్త్రీ అవయవాలు రెండూ ఉంటే ఒక చిక్కుంది. ఆ రేకు మొత్తం ఒక్క సిద్ధబీజం నుంచి సమవిభజనతో పెరిగింది కాబట్టి దాని పురుషబీజకణాలూ, స్త్రీబీజకణమూ జన్యుపరంగా ఒకే అచ్చు. అవి కలిస్తే పుట్టే మొక్కలో ప్రతి జన్యువూ జంటగా ఒకే రూపంలో ఉంటుంది. ఇంత పూర్తి స్వయంఫలదీకరణ పూల మొక్కల్లో ఒక్క తరంలో రాదు. చెడు జన్యువు ఒకటి దాగి ఉంటే ఇక దాక్కునే చోటు లేదు, పిండం చచ్చిపోతుంది. టెరిస్ విట్టేటా లాంటి, క్రోమోసోమ్‌ల అదనపు జట్లున్న ఫెర్న్‌లు దీన్ని కాస్త మెరుగ్గా తట్టుకుంటాయి. ఒక్క సిద్ధబీజం పడిన గోడ మీద కూడా కాపురం పెట్టగలగడానికి అదొక కారణం.

చుట్టూ ఇతర రేకులు ఉన్నప్పుడు మాత్రం ఫెర్న్‌లకు మరో ఏర్పాటు ఉంది. 1950లో వాల్టర్ డాప్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్రాకెన్ ఫెర్న్ ప్రోథాలస్‌లు పెరిగిన మాధ్యమంలో చిన్న ప్రోథాలస్‌లను పెట్టాడు. అవి చిన్నగా ఉండగానే ఆంథీరిడియాలు వేసి మగవైపోయాయి. ముందు మొలిచి పెద్దదైన రేకు ఒక రసాయనాన్ని వదులుతుంది, అది ఆంథీరిడియోజన్. పక్కన ఆలస్యంగా మొలిచినవి దాని ప్రభావంతో పురుష అవయవాలే వేస్తాయి. లైగోడియం అనే తీగ ఫెర్న్‌లో జరిగే తంతు 2014లో ఇంకా స్పష్టంగా తెలిసింది. పెద్ద రేకు జిబ్బరెల్లిన్ హార్మోన్‌ను సగం తయారీ దగ్గర ఆపి బయటికి వదులుతుంది. చిన్న రేకులు దాన్ని పీల్చుకుని, మిగతా సగం పని తామే పూర్తిచేసి, దానికే లోబడి మగవైపోతాయి. ఇటుక మీద పొడి ఒత్తుగా చల్లితే అంతా చిన్న మగరేకులు కావడానికి ఇరుకు ఒక్కటే కారణం కాదు.

ఇక n, 2n లెక్క తప్పే చోటుకు వద్దాం. టెరిస్ కులంలోనే టెరిస్ క్రెటికా అనే అందమైన కుండీ ఫెర్న్ ఉంది. 1874లో విలియం ఫార్లో దాని ప్రోథాలస్‌ల మీద ఫలదీకరణ లేకుండానే నేరుగా మొగ్గలా ఫెర్న్ పిల్ల పుట్టడం చూశాడు. దీన్ని అపోగమీ అంటారు. క్రోమోసోమ్‌లు సగమైతే అలా పుట్టిన పిల్లకు సగమే మిగలాలి, తరం తరానికీ తగ్గిపోవాలి. కానీ తగ్గవు. కిటుకు సిద్ధబీజాశయంలోనే ఉంది. పదహారు మాతృకణాలు కావలసిన చివరి విభజన పూర్తికాదు. క్రోమోసోమ్‌లు రెట్టింపవుతాయి, కణం మాత్రం రెండుగా విడిపోదు. దాంతో రెట్టింపు క్రోమోసోమ్‌లున్న ఎనిమిది మాతృకణాలు మిగులుతాయి. వాటికి మామూలుగా క్షయకరణ జరిగితే రెట్టింపు సగమై, తల్లి మొక్కలో ఉన్నన్నే వస్తాయి. సిద్ధబీజాలు ఎనిమిది నాలుగులు ముప్పై రెండు. వాటి నుంచి పెరిగే ప్రోథాలస్‌కూ, దాని మీద పుట్టే ఫెర్న్‌కూ, తల్లికీ క్రోమోసోమ్‌ల సంఖ్య ఒక్కటే.

అయినా తరాలు మారుతూనే ఉన్నాయి. ప్రోథాలస్ ప్రోథాలస్‌లానే పలచగా హృదయాకారంలో ఉంటుంది, తరచూ ఆంథీరిడియాలు కూడా వేస్తుంది. ఫెర్న్ ఫెర్న్‌లానే ఉంటుంది. కాబట్టి సంయోగబీజదం అంటే n ఉన్న మొక్క అని మాత్రమే రాసే విద్యార్థి జవాబు సగమే సరైనది. హోఫ్‌మైస్టర్ వెతికింది అవయవాలను కదా, ఇక్కడ పనికొచ్చేది ఆ పద్ధతే. అమెరికాలోని అపలాచియన్ కొండల్లో, రాతి గుహల నీడలో విట్టేరియా అపలాచియానా అనే ఫెర్న్ ప్రోథాలస్‌గా మాత్రమే బతుకుతోంది. చిన్న మొగ్గలు విడదీసుకుంటూ రాతి మీద పాకుతుంది. దానికి ఎదిగిన సిద్ధబీజదాన్ని ప్రకృతిలో ఎవరూ చూడలేదు. తరాల్లో ఒకటి మరొకదానికి తోక కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మీ ఊరి గోడ మీది ఫెర్న్ ఏ దారిలో పోతోందో తేల్చడానికి క్రోమోసోమ్‌లు లెక్కపెట్టే ప్రయోగశాల అవసరం లేదు. ముదిరి, ఇంకా పగలని సిద్ధబీజాశయాన్ని ఒక్కదాన్నే సూదితో ఎత్తి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్ మీద మెల్లగా నొక్కండి. రాలిన సిద్ధబీజాలన్నీ లెక్కపెట్టండి. ఒక సంచితో తృప్తిపడకుండా కనీసం పది సంచులు చూడండి, నొక్కేటప్పుడు ఒకటి రెండు తప్పిపోతుంటాయి. లెక్క 64 దగ్గర ఉంటే అది ఫలదీకరణ దారిలోది. 32 దగ్గర ఉండి, గింజలు కూడా కాస్త పెద్దవిగా కనిపిస్తే అపోగమీ. గింజలు ముడుచుకుని, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా, లోపల ఖాళీగా కనిపిస్తే లెక్క ఆపేయవచ్చు. అది చాలావరకు సంకర మొక్క, దాని క్రోమోసోమ్‌లకు జతలు దొరక్క క్షయకరణ విభజనే చెడిపోయి ఉంటుంది.